నడిచే దారిని బట్టి పికింగ్ స్లిప్: విజయనగరంలో ఒక మందుల గోడౌన్ కేస్ స్టడీ

విజయనగరంలో చిన్న, మధ్యతరహా హోల్‌సేల్ వ్యాపారాలకు బిల్లింగ్, స్టాక్ పనులు సరిచేసిపెట్టడం నా వృత్తి. కిందటేడాది ఒక మందుల హోల్‌సేలర్ పిలిచారు. సాలూరు లైను వ్యాన్ రోజూ ఆలస్యంగా బయలుదేరుతోందని, గజపతినగరం, రామభద్రపురం షాపుల వాళ్ళు మధ్యాహ్నం నుంచే ఫోన్లు చేస్తున్నారని చెప్పారు. సరుకు తీసే కుర్రాళ్ళు నెమ్మదిగా ఉన్నారు, ఇంకో ఇద్దరిని పెట్టుకుందామా అన్నది ఆయన ప్రశ్న.

నేను ముందు కుర్రాళ్ళ వెనకాల నడిచాను. గోడౌన్ ప్లాన్ ఒక కాగితం మీద గీసుకుని, ఒక కుర్రాడు ఒక పికింగ్ స్లిప్, అంటే ఆర్డరులో తీయాల్సిన మందుల జాబితా, పట్టుకుని సరుకు తీసినంతసేపూ అతను వెళ్ళిన దారిని బాల్‌పెన్‌తో గీస్తూ పోయాను. పది మందులు తీసేసరికి కాగితం మీద దారి కనబడలేదు, ఉండచుట్టిన నూలులా తయారైంది. ఒకే సందులోకి నాలుగుసార్లు వెళ్ళాడు. అతను నెమ్మదిగా లేడు, దాదాపు పరుగెడుతున్నాడు. లోపం అతని చేతిలో ఉన్న కాగితానిది.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆ స్లిప్‌ని మందు పేరు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఇస్తుంది. షెల్ఫుల్లో సరుకేమో కంపెనీని బట్టి, మిగిలిన ఖాళీని బట్టి సర్ది ఉంది. పేరు A తో మొదలయ్యే మందు రెండో సందు చివర ఉంటే, C తో మొదలయ్యేది ఒకటో సందు మొదట్లో ఉంటుంది. స్లిప్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే కాళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి. పాత కుర్రాడైతే స్లిప్ మొత్తం ఒకసారి చూసుకుని, మనసులో తనకు తాను వరుస వేసుకుంటాడు. కొత్తవాడికి ఆ జ్ఞాపకం ఉండదు కాబట్టి కాగితం ఎలా చెబితే అలా నడుస్తాడు.

గోడౌన్ ఎలా ఉందో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతి లెక్క అర్థం కాదు. పక్కపక్కన నాలుగు సందులు, ఒక్కో సందు 30 అడుగుల పొడవు. ఒక సందు నుంచి పక్క సందుకి 7 అడుగులు. సందుకి రెండు వైపులా ర్యాకులు, ఒక్కో వైపు పది గడులు, గడి వెడల్పు 3 అడుగులు. ముందు వైపు నాలుగు సందులనూ కలిపే దారి ఉంది, వెనక గోడ పక్కన కూడా సన్నటి దారి ఉంది. ప్యాకింగ్ టేబుల్ ఒకటో సందు మొదట్లో ఉంటుంది.

మొదటి పని ప్రతి మందుకీ చిరునామా ఇవ్వడం. సందు నంబరు, గడి నంబరు, అర అక్షరం: `02-07-C` అంటే రెండో సందు, ఏడో గడి, కింద నుంచి మూడో అర. ఎడమ వైపు గడులకు బేసి నంబర్లు, కుడి వైపు వాటికి సరి నంబర్లు వేశాం. దాంతో 01, 02 ఎదురెదురుగా ఉంటాయి. సందు మూడడుగులే కాబట్టి ఎడమా కుడీ కలిపి తీసుకుంటూ పోవచ్చు, పక్కకి తిరిగితే చాలు. నంబర్లన్నీ రెండంకెల్లోనే ఉండాలి. 2 అని ఒకచోట, 10 అని ఇంకోచోట రాస్తే అక్షరాలుగా వరుస పెట్టినప్పుడు 10 ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ ఒక తప్పు చేశాను. మొదట అర అక్షరం లేకుండా `02-07` అని మాత్రమే ఎక్సెల్‌లో కొట్టించాను. ఎక్సెల్ దాన్ని జులై 2వ తేదీ అనుకుని తేదీగా మార్చేసింది. పైకి `02-Jul` అని కనబడుతుంది, లోపల వేరే అంకె ఉంటుంది, ఫార్ములా ఏదీ పనిచేయదు. అలా చెడిపోయిన గళ్ళను మళ్ళీ చేత్తో సరిచేయాల్సి వచ్చింది. చివర అక్షరం చేర్చాక ఆ బెడద పోయింది.

చిరునామాలు రాయడానికి ఒక ఆదివారం పట్టింది. స్టాక్ లిస్ట్ చేత పట్టుకుని ఒక్కో మందు ఎక్కడుందో వెతకడం మాత్రం వద్దు. షెల్ఫు వెంట నడుస్తూ, ప్రతి అరలో ఏముందో రాసుకుంటూ పోవాలి. చివరికి లిస్టులో చిరునామా పడకుండా మిగిలినవే అసలు సమస్యలు. అవి ఎక్కడో కార్టన్ల వెనక పడి ఉంటాయి, లేదా స్టాక్‌లో అంకె మాత్రమే ఉండి సరుకు ఉండదు. కొన్ని మందులు రెండుచోట్ల దొరికాయి: విడి స్ట్రిప్పులు షెల్ఫులో, నిండు కార్టన్లు వేరేచోట. చిరునామా విడి సరుకు ఉన్న చోటుకే ఇచ్చాం, ఎందుకంటే స్లిప్ మీద తీసేది అదే.

తర్వాత వరుస. పుస్తకాల్లో చెప్పే పద్ధతి పాము నడక. ఒకటో సందులో లోపలికి వెళ్ళాలి, వెనక దారిలో తిరిగి రెండో సందులో బయటికి రావాలి, మళ్ళీ మూడో సందులో లోపలికి. అంటే బేసి సందుల్లో గడి నంబర్లు పెరుగుతూ, సరి సందుల్లో తగ్గుతూ రావాలి. ఒక గంటలో ఫార్ములా రాసి, కొత్త స్లిప్ ప్రింట్ తీసి ఒక కుర్రాడికి ఇచ్చాను. ఒకటో సందు బాగానే నడిచాడు. దాని చివరకు వెళ్ళాక ఆగిపోయి నన్ను పిలిచాడు.

"ఏటి సార్ ఇది, రెండో సందులోకి ఎనకనుంచి ఎలా ఎల్తాను? అక్కడ ర్యాక్ అడ్డంగా ఉంది కదేటి!"

నిజమే. రెండో సందు వెనక చివర, వెనక దారికి ఆనుకుని, కార్టన్లు పెట్టుకోవడానికి ఒక ర్యాక్ అడ్డంగా పెట్టేశారు. దాని వెనకనుంచి మూడో సందుకి పోవచ్చు, రెండో సందులోకి మాత్రం దారి లేదు. నా ప్లాన్ కాగితం మీద ఆ ర్యాక్ లేదు. దారిని గీసేటప్పుడు కుర్రాడు రెండో సందులోకి ఎప్పుడూ ముందు నుంచే వెళ్ళి ముందుకే రావడం నేను చూశాను, కారణం అడగలేదు.

దీని ప్రభావం ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక షాపు ఆర్డరులోంచి ఏడు మందులు తీసుకుంటున్నాను. వాటి చిరునామాలు ఇవి, అర అక్షరాలు వదిలేశాను: అమాక్సిసిలిన్ 02-17, సెట్రిజిన్ 01-05, మెట్‌ఫార్మిన్ 03-18, ఓఆర్ఎస్ ప్యాకెట్లు 01-19, పాంటాప్రజోల్ 03-04, పారాసెటమాల్ 01-12, టెల్మిసార్టాన్ 02-06. ఇదే పాత స్లిప్ వరుస. గడి దూరాన్ని దాని లోపలి అంచు దాకా లెక్కిస్తూ, టేబుల్ దగ్గర మొదలై, ప్రతిసారీ ఉన్నవాటిలో దగ్గరి దారే పట్టి, మళ్ళీ టేబుల్‌కి చేరితే 258 అడుగులు వస్తుంది. నా మొదటి పాము నడక ఫార్ములాతో అదే ఏడింటికీ 196 అడుగులు. అందులో 64 అడుగులు ఒకేచోట పోయాయి. ఒకటో సందు చివర ఓఆర్ఎస్ తీసుకున్నాక స్లిప్ అమాక్సిసిలిన్ అంటుంది. అది అడ్డ ర్యాక్‌కి అటువైపు, చేయి చాస్తే అందేటంత దగ్గరున్నట్టు ఉంటుంది. కానీ ఒకటో సందు మొత్తం వెనక్కి నడిచి, రెండో సందులోకి మళ్ళీ లోపలికంటా వెళ్ళాలి.

ఆ సాయంత్రం కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని, ఖాళీ చేతులతో నాలుగు సందులూ ఒక్కసారి తిరగాలంటే ఎలా తిరుగుతారో నడిచి చూపించమన్నాను. ముందు రెండో సందులోకి వెళ్ళి బయటికి వచ్చేశారు. తర్వాత ఒకటో సందులో లోపలికి వెళ్ళి, వెనక దారిలో మూడో సందుకి పోయి, మూడో సందులో ముందుకి వచ్చారు. చివరగా నాలుగో సందులోకి వెళ్ళి వచ్చారు. అదే సరైన దారి. అందులో సందుల నంబర్ల క్రమం లేదు, బేసి సరి లెక్కా లేదు. కాబట్టి ఫార్ములాలోంచి బేసి సరి తీసేసి, దారిని ఒక చిన్న పట్టికలో పెట్టాను. `Route` అనే షీట్‌లో నాలుగే వరుసలు: సందు నంబరు, ఎన్నోసారి వెళ్ళాలి, గడులు పెరుగుతూ వస్తాయా (1) తగ్గుతూ వస్తాయా (-1).

```
02   1    1
01   2    1
03   3   -1
04   4    1
```

స్లిప్ షీట్‌లో D నిలువు వరుసలో చిరునామా ఉంటుంది. E లో ఆ సందు ఎన్నోసారి, F లో ఏ దిక్కు అన్నది పట్టికలోంచి వస్తాయి. G లో వరుస నంబరు తయారవుతుంది:

```
E2: =VLOOKUP(LEFT(D2,2),Route!A:C,2,FALSE)
F2: =VLOOKUP(LEFT(D2,2),Route!A:C,3,FALSE)
G2: =IFERROR(E2*1000+IF(F2=1,VALUE(MID(D2,4,2)),
     100-VALUE(MID(D2,4,2))),0)
```

G ని చిన్న అంకె నుంచి పెద్దదానికి వరుస పెడితే స్లిప్ సిద్ధం. మెట్‌ఫార్మిన్ 03-18 కి 3082, పాంటాప్రజోల్ 03-04 కి 3096 వస్తాయి. మూడో సందులోకి వెనకనుంచి వస్తున్నాం కాబట్టి 18వ గడి ముందు రావాలి, వస్తోంది. మన ఏడు మందుల వరుస ఇలా మారింది: టెల్మిసార్టాన్, అమాక్సిసిలిన్, సెట్రిజిన్, పారాసెటమాల్, ఓఆర్ఎస్, మెట్‌ఫార్మిన్, పాంటాప్రజోల్. నడక 156 అడుగులు.

`Route` షీట్‌లో సందు నంబర్లను టెక్స్ట్‌గా పెట్టాలి. మామూలుగా 02 అని కొడితే ఎక్సెల్ దాన్ని 2 చేసేస్తుంది. అప్పుడు `LEFT` ఇచ్చే "02" తో అది కలవదు, ఏ మందుకీ చోటు దొరకదు. IFERROR లో సున్నా పెట్టడానికి కూడా కారణం ఉంది. చిరునామా లేని కొత్త మందుకి తప్పు వస్తే ఎక్సెల్ దాన్ని స్లిప్ అట్టడుగుకి తోసేస్తుంది. కుర్రాడు అంతా తిరిగొచ్చాక దాన్ని చూసి మళ్ళీ బయలుదేరతాడు. సున్నా పెడితే అది అన్నిటికంటే పైన కనబడుతుంది. నడక మొదలుపెట్టకముందే, "ఈ సరుకు ఎక్కడ పెట్టారండీ?" అని టేబుల్ దగ్గరే అడిగి, చిరునామా రాయించుకుని వెళతాడు.

ఓనరు గారు అడ్డ ర్యాక్ తీయించేద్దామన్నారు. లెక్క వేసి చూశాను. ర్యాక్ తీసేసి మామూలు పాము నడక నడిస్తే అదే ఆర్డరు 142 అడుగులవుతుంది. అంటే ఇంకో 14 అడుగులే తగ్గుతాయి. ఆ ర్యాక్ మీదున్న కార్టన్లకు వేరే చోటు లేదు, కింద పెడితే ఇంకో దారి మూసుకుపోతుంది. వదిలేయమని చెప్పాను. రేపెప్పుడైనా తీసినా `Route` షీట్‌లో అంకెలు మార్చుకుంటే చాలు, షెల్ఫులకు అంటించిన చిరునామాలు ఒక్కటీ మారవు. చిరునామాలోనే దారి వరుసను ఇరికించవద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే. సరుకు ఎక్కడుందో చిరునామా చెప్పాలి, ఎప్పుడు వెళ్ళాలో పట్టిక చెప్పాలి.

ఫలితం ఎలా తెలుస్తుంది? గడియారంతో పాటు నేను వాడే పద్ధతి ఒకటుంది. సరుకు తీసి టిక్ పెట్టేటప్పుడు, టిక్ బదులు ఎన్నోదిగా తీశాడో ఆ అంకె వేయమంటాను. స్లిప్ వరుస సరిగ్గా ఉంటే పైనుంచి కిందికి 1, 2, 3 అని పోతుంది. ఎక్కడ అంకె గెంతిందో అక్కడ స్లిప్‌కీ నేలకీ తేడా ఉంది. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఒక వారం స్లిప్పులు దాచిపెడితే చాలు.

మొదటి వారం స్లిప్పులు తిరగేస్తే ఒక సంగతి పదేపదే కనబడింది. నాలుగో సందులోని దగ్గు సిరప్‌లు స్లిప్‌లో చివర ఉన్నా, వాటి పక్కన 1, 2 అని రాసి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళూ అలాగే చేశారు. అడిగితే చెప్పారు: సిరప్‌లు గాజు సీసాలు, బరువు. చివర తీస్తే బుట్టలో స్ట్రిప్పుల మీద పడి అట్టలు నలిగిపోతాయి, షాపు వాళ్ళు వాపసు పంపుతారు. అందుకే ముందు నాలుగో సందుకెళ్ళి సీసాలు అడుగున పేర్చుకుని, తర్వాత మిగిలినవి తీస్తున్నారు. వాళ్ళు చేసింది సరైనదే. పట్టికలో నాలుగో సందుని మొదటికి తెచ్చాను, మిగిలిన మూడూ ఒక్కొక్కటి కిందికి జరిగాయి. దీనివల్ల నాలుగు సందులూ తిరిగే స్లిప్‌కి నడక 14 అడుగులు పెరిగింది. నలిగిన స్ట్రిప్పుల పెట్టె ఒక్కటి వాపసు వచ్చి, దాని క్రెడిట్ నోట్ రాసి, మళ్ళీ షెల్ఫులో పెట్టే పనితో పోలిస్తే ఆ 14 అడుగులు లెక్కలోకి రావు.

ఇన్సులిన్ లాంటివి వేరు. అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రిజ్ ప్యాకింగ్ టేబుల్ పక్కనే ఉంది. దానికి 09 అని సందు నంబరిచ్చి, పట్టికలో అన్నిటికంటే చివర పెట్టాం. బుట్ట మొత్తం టేబుల్ మీదికి చేరాకే ఫ్రిజ్ తెరుస్తారు.

ప్యాకింగ్ దగ్గర మాత్రం కొంత గొడవైంది. అక్కడ బిల్లు పట్టుకుని సరిచూసే ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నారు. బుట్టలో సరుకు ఒక వరుసలో, చేతిలో బిల్లు ఇంకో వరుసలో ఉండేసరికి, "నాకు రెట్టింపు పని పెట్టేసారు బాబూ" అన్నారు. ఆవిడ మాట న్యాయమే. బిల్లు వరుస మార్చడానికి వీల్లేదు, షాపు వాళ్ళకి అక్షరక్రమమే అలవాటు. స్లిప్‌లో ప్రతి మందు పక్కన బిల్లులో దాని వరుస నంబరు ప్రింటయ్యేలా చేశాను. ఆవిడ స్లిప్‌లో ఉన్న క్రమంలోనే సరుకు తీస్తూ, బిల్లులో ఆ నంబరు దగ్గర గీత పెడతారు. ముందు కష్టమన్నారు, రెండో వారానికి చేయి తిరిగింది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. స్లిప్ మరీ చిన్నదైతే ఉపయోగం తగ్గుతుంది. నాలుగు మందులే ఉండి, అవి ఒకటో సందు మొదట్లో, మూడో సందు మొదట్లో ఉన్నాయనుకోండి. పట్టిక ప్రకారం ఒకటో సందు చివరిదాకా వెళ్ళి, వెనక దారిలో పోయి మూడో సందు మొత్తం ఖాళీగా నడవాలి. కుర్రాడికి బుద్ధి ఉంటే తన దారి తనే చూసుకుంటాడు, కానీ అసలు లాభం రావాలంటే చిన్న ఆర్డర్లను కలపాలి. ఒకే లైను వ్యాన్‌లో వెళ్ళే షాపుల స్లిప్పులను ఆరేసి చొప్పున కలిపి ఒకే స్లిప్ చేశాం. ట్రాలీ మీద A నుంచి F వరకు ఆరు బుట్టలు. స్లిప్‌లో ప్రతి మందు కింద "B-2, E-5" అని ఏ బుట్టలో ఎన్ని వేయాలో ఉంటుంది. అప్పుడు దాదాపు ప్రతి సందులోనూ ఏదో ఒకటి ఉంటుంది, ఖాళీ నడక ఉండదు, ఆరుసార్ల తిరుగుడు ఒక్కసారితో అయిపోతుంది. దీనిలో ఉన్న ప్రమాదం ఒకటే, E లో వేయాల్సింది F లో పడడం. పక్కపక్క బుట్టల మీద వేర్వేరు రంగుల టేపు వేశాక అది తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే ఆవిడ సరిచూడడం ఇప్పటికీ ఆపలేదు.

కాలం లెక్క చెబుతాను. ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు నేనే నిలబడి చూశాను. ఇరవై, ఇరవై రెండు మందులున్న స్లిప్ చేతికిచ్చినప్పటి నుంచి బుట్ట టేబుల్ మీదికి వచ్చేదాకా ముందు 19 నిమిషాల వరకు పట్టేది, తర్వాత 12 దగ్గరకొచ్చింది. సగానికి తగ్గలేదు, ఎందుకంటే కాలమంతా నడకకే పోదు. అర ముందు నిలబడి బ్యాచ్ చూసుకోవడం, ముందు గడువు తీరేది ముందు తీయడం, లెక్కపెట్టడం అలాగే ఉంటాయి. స్లిప్ వరుస మారిస్తే తగ్గేది నడక ఒక్కటే. సాలూరు వ్యాన్ ఆలస్యం తగ్గడానికి ఎక్కువగా పనికొచ్చింది ఆరేసి ఆర్డర్లను కలపడమే. ఓనరు గారు కొత్త మనుషులను తీసుకోలేదు. తీసుకోవద్దని నేనూ చెప్పలేదు, మరో నెల చూద్దామన్నాను.

మొన్న వెళ్ళినప్పుడు దాచిన స్లిప్పులు మళ్ళీ తిరగేశాను. అన్నిట్లోనూ అంకెలు వరుసగా ఉన్నాయి, టెల్మిసార్టాన్ దగ్గర తప్ప. స్లిప్ దాన్ని రెండో సందులో చూపిస్తోంది, అక్కడ వేసిన అంకెలేమో ఒకటో సందు మందుల మధ్యలోవి. నడిచి చూస్తే 02-06 గడిలో వేరే కంపెనీ సరుకు ఉంది. చోటు చాలక ఎవరో దాన్ని ఒకటో సందులో 08 గడికి మార్చి, షీట్‌లో మార్చడం మరిచిపోయారు. సరుకు దించే కుర్రాణ్ణి పిలిచి, జరిపినప్పుడల్లా రాసిపెట్టడానికి ఒక పలకా సుద్దముక్కా ఆ సందు మొదట్లో వేలాడదీశాం. సాయంత్రం పలక మీద ఉన్నవి షీట్‌లోకి ఎక్కించాక తుడిచే బాధ్యత సరిచూసే ఆవిడ తీసుకున్నారు.